మనవరాలి తరఫున ఎవరు సంతకం పెట్టాలి? (డాక్యుమెంటరీ అనుమతుల మీద ఒక ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. రిలీజ్ ఫారాల గురించి, అంటే సినిమాలో కనిపించడానికి ఒప్పుకుంటూ మనుషులు సంతకం పెట్టే కాగితాల గురించి మాట్లాడమని పిలిచారు. ఫారం నమూనాలు ఇంటర్నెట్‌లో బోలెడు దొరుకుతాయి, వాటిని చదివి వినిపించడానికి నేను రావక్కర్లేదు. అందుకని మేం తీసిన ఒక సినిమానే తీసుకుంటాను. అందులో ఎవరి దగ్గర ఏ అనుమతి తీసుకున్నాం, ఎక్కడ పొరపాటు పడ్డాం, ఎక్కడ ఒక షాట్‌ని వదులుకున్నాం అన్నది చెబుతాను.

సినిమా నిడివి 24 నిమిషాలు. పాలమూరు ప్రాంతంలో ఒక ఊరు. అమ్మానాన్నలు పుణెకు భవన నిర్మాణ పనికి వలస వెళ్తారు, పదమూడేళ్ల కూతురు నాయనమ్మ దగ్గర ఉండి చదువుకుంటుంది. అంతే కథ. మూడు చోట్ల తీశాం. వాళ్లు బస్సెక్కే బస్టాండు, నాయనమ్మ ఇల్లు, పిల్ల చదివే బడి. అపరిచితులు, ప్రైవేటు స్థలం, మైనరు, ఈ మూడు సమస్యలూ ఒకే సినిమాలో వచ్చాయి.

దానికంటే ముందు ఇంకో సంగతి చెప్పాలి. అది నా మొదటి సినిమా నాటిది, ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఒక వారపు సంతలో ఒక రైతుతో మాట్లాడాం. తన అప్పుల గురించి దాపరికం లేకుండా చెప్పాడు. మాట్లాడటం అయ్యాక నేను సంచిలోంచి రెండు పేజీల ఇంగ్లీషు కాగితం తీసి, ఇక్కడ సంతకం పెట్టన్నా అన్నాను. పెట్టాడు. రెండేళ్ల తర్వాత ఆ సినిమాలోంచి నిమిషంన్నర ముక్క ఫోన్లలో తిరిగింది. అప్పుడే ఆయన కూతురికి సంబంధం చూస్తున్నారు, అవతలి వాళ్లు ఆ వీడియో చూశారు. ఆయన నాకు ఫోన్ చేసి తిట్టలేదు. 'సారూ, నువ్వు సంతకం పెట్టమన్నవ్, పెట్టిన. సిన్మా అంటే యాడనో పట్నంల చూపిస్తరనుకున్న' అన్నాడు. మేం పెట్టిన వీడియో తీసేశాం. అప్పటికే వేరేవాళ్లు దించుకుని పెట్టినవాటిని ఏమీ చేయలేకపోయాం. కాగితం ప్రకారం నా తప్పేమీ లేదు. కానీ ఆయన ఒప్పుకున్నది ఒకటి, నేను చేసింది ఇంకొకటి.

తర్వాత ఒక లాయరు మిత్రుడు నాకు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 13వ సెక్షన్ చూపించాడు. ఇద్దరు మనుషులు ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే దాన్ని సమ్మతి అంటారని అందులో ఉంది. 'ఒకే అర్థంలో' అన్న ఆ రెండు మాటలు చదివాక నా ఫారం మొత్తం మార్చేశాను. తెలుగు మాత్రమే వచ్చిన మనిషి దగ్గర ఇంగ్లీషు కాగితం మీద సంతకం తీసుకుంటే, రేపు ఆయన 'నాకు అర్థం కాలేదు' అంటే మన దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు మా ఫారం తెలుగులో ఒక్క పేజీ ఉంటుంది. అందులో అసలు భాగం ఇది, నిదానంగా చదువుతాను:

"ఈ సినిమా మన ఊరి నుంచి పనికి వలస వెళ్లేవాళ్ల గురించి. ఇందులో నా ముఖం, నా గొంతు, నేను చెప్పిన మాటలు వాడుకోవచ్చు. నా పేరు వాడొచ్చు / వాడకూడదు. నేను చెప్పినదంతా కాకుండా కొంత మాత్రమే వాడొచ్చని నాకు తెలుసు. దీన్ని సినిమా పండుగల్లో, టీవీలో, యూట్యూబ్‌లో, ఫోన్లలో ఎవరైనా, ఎప్పుడైనా, మా ఊరివాళ్లు కూడా చూడొచ్చని నాకు చెప్పారు. ఎడిటింగ్ అయ్యాక నా భాగం నాకు చూపిస్తారు. చూశాక పదిహేను రోజుల్లోపు నేను వద్దన్న భాగం తీసేస్తారు. ఆ తర్వాత మార్చడం కుదరకపోవచ్చు."

'మా ఊరివాళ్లు కూడా చూడొచ్చు' అన్న ముక్క ఆ సంత రైతు వల్ల చేరింది. అది చదివినప్పుడు చాలామంది ఒక్క క్షణం ఆగుతారు. అక్కడే మనం కూడా ఆగాలి. ఆ ఆగడంలోనే వాళ్లు నిజంగా ఆలోచిస్తున్నారు.

ఈ కాగితాన్ని మేం చేతికిచ్చి వదిలేయం, పైకి చదివి వినిపిస్తాం, కెమెరా నడుస్తుండగా. చదవడం వచ్చినవాళ్లకైనా అంతే. వేలిముద్ర వేసేవాళ్లయితే, చదివి వినిపించినవాళ్ల పేరు, సంతకం కింద రాస్తాం. ఆ సాక్షి మా యూనిట్ మనిషి కాకుండా వాళ్ల ఊరి మనిషి అయ్యేలా చూస్తాం. ఆఖర్న ఆ మనిషి ఫారం పట్టుకుని నిలబడితే ఫోన్లో ఒక ఫొటో. ఇదెందుకో మీకు ఎడిటింగ్ రూములో అర్థమవుతుంది. నాలుగు నెలల తర్వాత నలభై ఫారాలు ముందేసుకుని కూర్చుంటే, నీలం చొక్కా మనిషి ఏ పేరువాడో గుర్తుండదు. ఫారం మీద ఒక నంబరు, అదే నంబరు క్లిప్ పేరులో ఉంటే టెన్షన్ ఉండదు. ఓటీటీ వాళ్లకో, విదేశీ టీవీకో సినిమా ఇచ్చినప్పుడు వాళ్ల లాయరు అడిగేది ఈ జాబితానే. ఫలానా నిమిషంలో కనిపించేది ఎవరు, కాగితం ఏది?

సరే, బస్టాండుకి వెళ్దాం.

చాలామంది బస్టాండు పబ్లిక్ ప్లేసు కదా అనుకుంటారు. జనం తిరిగే చోటే, కానీ ఆ ఆవరణ ఆర్టీసీది. రోడ్డు మీద చేతిలో కెమెరా పట్టుకుని తీయడం వేరు, బస్టాండు ప్లాట్‌ఫారం మీద ట్రైపాడ్ వేయడం వేరు. మేం డిపో మేనేజర్‌కి అర్జీ పెట్టాం. ఏ తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఎంతమంది, ఏమేం సామాను అన్నీ రాశాం. బస్సుల రాకపోకలకి అడ్డం రామని, లైట్లు వేయమని కూడా రాశాం. అదే రైల్వే స్టేషన్ అయితే స్టేషన్ మాస్టర్ మాట సరిపోదు, జోన్ ప్రజా సంబంధాల విభాగం నుంచి రాతపూర్వకంగా రావాలి.

అక్కడ జనం రెండు వందలకు పైగా ఉంటారు. అందరి దగ్గరా సంతకాలు ఎవరూ తీసుకోలేరు, తీసుకోవాలని మన దేశంలో చట్టం కూడా చెప్పదు. మేం రెండు ద్వారాల దగ్గరా చార్టు కట్టాం: 'సాయంత్రం 5 నుంచి 8 వరకు ఇక్కడ డాక్యుమెంటరీ తీస్తున్నాం. కనిపించడం ఇష్టం లేనివాళ్లు తెల్ల టోపీ పెట్టుకున్న మా మనిషికి చెప్పండి.' కింద ఫోన్ నంబరు. కట్టిన చార్టుని, దాని ముందు నుంచి జనం వెళ్తుండటాన్ని కూడా తీసి పెట్టుకున్నాం. చార్టు పెట్టామనడానికి అదే రుజువు. ఆ సాయంత్రం ముగ్గురు వచ్చి చెప్పారు. వాళ్ల బట్టల రంగు రాసుకున్నాం.

కానీ చార్టు ఎంతవరకు పనికొస్తుందో గుర్తుంచుకోవాలి. మూటలు మోసుకుంటూ నడిచే గుంపుని దూరం నుంచి తీస్తే ఆ చార్టు చాలు. కెమెరా ఒక మనిషి మీద ఆగిందంటే, ఆ మనిషి ఇక గుంపులో భాగం కాదు. ఆయన దగ్గరికి వెళ్లి అడగాల్సిందే. లాంగ్ లెన్స్ వేసి దూరం నుంచి తీస్తే ఈ బాధ్యత తప్పుతుందనుకోకండి, ఇంకా పెరుగుతుంది. దగ్గర నిలబడి తీస్తే వాళ్లకి కనీసం తెలుస్తుంది, ముఖం తిప్పుకుంటారు. మాకు ఒక మంచి షాట్ దొరికింది. ఒకామె బియ్యం సంచి మీద కూర్చుని చంటిబిడ్డకి పాలిస్తోంది, వెనక బస్సు హెడ్‌లైట్ వెలుగు. మా కెమెరామన్ దూరం నుంచి తీశాడు. నేను దగ్గరికి వెళ్లేసరికి బస్సు కదిలింది, ఆమె వెళ్లిపోయింది. సినిమాలో ఆ షాట్ లేదు. అందరూ పోస్టర్ మీద వేద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా చెప్పింది. వీధిలోకి వచ్చినంత మాత్రాన మనిషి దాన్ని పూర్తిగా వదులుకున్నట్టు కాదని ఆ తీర్పులో ఉంది. ఆ తీర్పు లేకపోయినా, ఆమెని అడగకుండా ఆ షాట్ వాడటానికి నాకు మనసొప్పదు.

అపరిచితుల విషయంలో అసలు ప్రమాదం షూటింగ్‌లో కంటే ఎడిటింగ్‌లో ఉంటుంది. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. రఫ్ కట్‌లో, అంటే తొలి విడత ఎడిటింగ్‌లో, మా వాయిస్ ఓవర్ ఇలా ఉంది: 'అడ్వాన్సు ఇచ్చి కూలీలను తీసుకెళ్లే మేస్త్రీలు లెక్కల్లో మోసం చేస్తారు.' ఆ మాట వస్తున్నప్పుడు తెర మీద తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో డైరీ పట్టుకున్న ఒకతను కనిపిస్తున్నాడు. ఎడిటర్‌కి ఆ షాట్ అక్కడ బాగా కుదిరింది. అతను మేస్త్రీ కాదు. ఎవరో ప్రయాణికుడు, టికెట్ డబ్బులు లెక్క రాసుకుంటున్నాడు. తీసినప్పుడు ఆ షాట్‌లో ఏ దోషమూ లేదు. మాట పక్కన చేరగానే అతన్ని మోసగాడు అన్నట్టయింది. ఇది పరువు నష్టం, భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. అందుకే ఎడిటింగ్ ముగించి లాక్ చేసే ముందు ఒకసారి సౌండ్ మాత్రమే వింటూ, ఆరోపణ వచ్చిన ప్రతిచోటా బొమ్మ ఆపి చూడండి, అక్కడ ఎవరి ముఖం ఉందో. మేం ఆ చోట బస్సు మీదికి ఎక్కిస్తున్న మూటలు పెట్టాం.

బస్టాండులో ఇంకో తలనొప్పి పాటలు. క్యాంటీన్ టీవీలో సినిమా పాట వస్తుంటుంది. గోడ మీద పోస్టరో, బొమ్మో వెనకాల యాదృచ్ఛికంగా పడితే కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది, కానీ ఆ మినహాయింపు చిత్రకళ వంటి వాటికే, సంగీతానికి కాదు. టీ కొట్టాయనకి చెప్పి సౌండ్ తగ్గించమనండి. ఇంటర్వ్యూ మాట మీద పాట పడిందంటే తర్వాత విడదీయలేరు.

ఇక ఇల్లు. నాయనమ్మని అడిగితే 'రా బిడ్డా, నా ఇల్లే కదా' అంది. ఆమె మాట మీద లోపలికి వెళ్లొచ్చు, తప్పులేదు. పిలవకుండా వెళ్తేనో, పొమ్మన్నాక కూడా ఉంటేనో అక్రమ ప్రవేశం. కానీ ఇంట్లోకి రానివ్వడం ఒక అనుమతి, ఆ ఇంటిని సినిమాలో చూపించడం ఇంకో అనుమతి. రెండూ కాగితం మీద ఉండాలి. ఇల్లు ఎవరి పేరు మీద ఉందని అడిగాం. చనిపోయిన తాత పేరు మీద ఉంది. ఇద్దరు కొడుకులు, ఇంకా పంచుకోలేదు. పెద్దాయన పుణెలో, చిన్నాయన అదే ఊళ్లో వేరే ఇంట్లో. నాయనమ్మతో పాటు చిన్న కొడుకు సంతకం కూడా తీసుకున్నాం. అతన్ని అడక్కపోతే మూడో రోజు వచ్చి 'నా ఇంట్ల నన్నడగకుండ ఏందిది' అనేవాడు. అప్పుడు మన షూటింగ్ ఆగడం సంగతి అటుంచి, ఆ ముసలామెకి కొడుకుతో గొడవ.

అద్దె ఇల్లయితే అందులో ఉంటున్నవాళ్లు ఒప్పుకుంటే లోపల తీయొచ్చు. మేకు కొట్టినా, రంగు మార్చినా, జనరేటర్ పెట్టినా ఇంటి ఓనరు సంతకం కావాలి. అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ వాళ్లు సరేనన్నా లిఫ్టు, మెట్లు, పార్కింగు అసోసియేషన్‌వి. గుడిలో పూజారిగారు రమ్మంటారు, అనుమతి ఇవ్వాల్సింది దేవాదాయ శాఖ ఈవో. లొకేషన్ కాగితంలో తేదీలు, గంటలు, ఏయే గదులు, కరెంటు ఖర్చు ఎవరిది, ఏదైనా విరిగితే ఎవరు బాగుచేయిస్తారు అన్నవి ఉంటే చాలు. ఇంకొక్క వాక్యం మాత్రం తప్పనిసరి: తర్వాత ఇల్లు అమ్మినా, మనసు మారినా తీసిన ఫుటేజీ వాడుకోవచ్చని.

ఇంట్లో కెమెరా పెట్టాక గోడ వంక చూడండి. నాయనమ్మ ఇంట్లో తలుపు పక్కన సున్నం గోడ మీద పెన్సిల్‌తో ఫోన్ నంబర్లు రాసి ఉన్నాయి. కొడుకుది, మేస్త్రీది, గ్యాస్ వాళ్లది. ఆ పక్కన మేకుకి ప్లాస్టిక్ కవర్లో ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు. 4కెలో తీస్తే ఆ అంకెలన్నీ చదవొచ్చు. ఆమెకి చెప్పి కవరు తీయించాం. నంబర్ల మీద ఆమే క్యాలెండర్ తగిలించింది.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం, ఆ పిల్ల.

పద్దెనిమిది నిండనివాళ్లు ఒప్పందం చేసుకోలేరు. 1903లో మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ మైనరు చేసిన ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని తేల్చింది. కాబట్టి పిల్ల చేత సంతకం పెట్టించుకుంటే అది చెల్లదు, గార్డియన్ పెట్టాలి. మేం నాయనమ్మని అడగబోతే ఆమే మాకు దారి చూపింది: 'నేను సాదుతున్న గని, వాళ్ల నాయిన చెప్పాలె, అమ్మ చెప్పాలె.' చట్టం కూడా అదే అంటుంది. పిల్లను పెంచుతున్నంత మాత్రాన తల్లిదండ్రులు బతికి ఉండగా నాయనమ్మ గార్డియన్ కాదు. వలస ఊళ్లలో, గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్లలో ఈ తప్పు చాలా తేలిగ్గా జరుగుతుంది. ఇంట్లో కనిపించిన పెద్దమనిషి చేత వేలిముద్ర వేయించుకుని వచ్చేస్తారు.

మేం వీడియో కాల్‌లో పుణెలో ఉన్న అమ్మానాన్నలిద్దరికీ ఫారం మొత్తం చదివి వినిపించాం, ఆ కాల్ రికార్డు చేస్తున్నామని ముందే చెప్పి. ఫారం వాట్సాప్‌లో పంపితే అక్కడ జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, ఇద్దరూ సంతకం పెట్టి ఫొటో పంపారు. అసలు కాగితం వాళ్లు పండక్కి వచ్చినప్పుడు తీసుకున్నాం. ఈలోపు పిల్లని తీయలేదు, నాయనమ్మని మాత్రమే తీశాం. ఇద్దరి సంతకాలూ ఎందుకంటే, రేపు ఒకరు ఒప్పుకుని ఒకరు కాదంటే మధ్యలో నలిగేది పిల్ల.

తర్వాత పిల్లని విడిగా అడిగాం. నాయనమ్మ లేని చోట, మా యూనిట్‌లో ఉన్న అమ్మాయి అడిగింది. కెమెరా లేకుండా. చట్టానికి ఆమె సంతకం అక్కర్లేదు, కానీ ఆమె వద్దంటే తల్లిదండ్రులు ఒప్పుకున్నా తీయం అని ముందే అనుకున్నాం. ఆమె ఒప్పుకుంది, ఒక్క షరతుతో: 'నేను ఏడిస్తే పెట్టొద్దు, బడిల నవ్వుతరు.' షూటింగ్ నాలుగో రోజు తల్లితో ఫోన్లో మాట్లాడుతూ ఏడ్చింది. సినిమాలో అంతకంటే బలమైన దృశ్యం ఇంకోటి లేదు. కట్ చేశాం. ఆమె ఫోన్ పెట్టేసి గిన్నెలు తోముతున్న దగ్గర నుంచి మొదలవుతుంది ఇప్పుడు ఆ సీను. చేతులు మాత్రమే కనిపిస్తాయి.

బడిలో తీయడానికి హెడ్మాస్టర్‌తో పాటు జిల్లా విద్యాశాఖాధికారి నుంచి ఉత్తరం తీసుకున్నాం. అది బడి ఆవరణకి అనుమతి, మిగతా నలభై మంది పిల్లల ముఖాలకి కాదు. అందుకే క్లాసు రూములో వెనక బెంచీ నుంచి తీశాం, జడలు, రిబ్బన్లు, బోర్డు. మా పిల్ల యూనిఫాం మీద బడి పేరున్న బ్యాడ్జి ఉంది. అది పెట్టుకోవద్దన్నాం. ముఖం, బడి పేరు, ఊరి పేరు మూడూ ఒకేచోట కనిపిస్తే ఏ అపరిచితుడైనా సాయంత్రం బడి గేటు దగ్గరికి రాగలడు. సినిమాలో ఊరి పేరు లేదు.

తల్లిదండ్రుల సంతకం ఉన్నా పనికిరాని సందర్భాలున్నాయి, ఇవి బాగా గుర్తుంచుకోండి. లైంగిక నేరానికి గురైన పిల్లల గుర్తింపును బయటపెట్టడాన్ని 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ నిషేధిస్తుంది. గుర్తింపు అంటే పేరు ఒక్కటే కాదు. ఫొటో, చిరునామా, కుటుంబం, బడి, చుట్టుపక్కల ప్రాంతం కూడా. పిల్లల మేలు కోసమని ప్రత్యేక కోర్టు అనుమతిస్తే తప్ప అమ్మానాన్నలు సరేనన్నా కుదరదు. నేరారోపణ ఉన్న పిల్లలు, రక్షణ అవసరమని బాలల సంక్షేమ కమిటీ చూస్తున్న పిల్లలు, సాక్షులైన పిల్లల విషయంలో 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ అదే చెబుతుంది. ముఖం మసకచేసి తల్లిని, ఇంటిని స్పష్టంగా చూపిస్తే ఊరంతటికీ పిల్ల ఎవరో తెలిసిపోతుంది, అది దాచినట్టు కాదు.

ఒకవేళ మీరు చదువు గురించి అడుగుతుండగా పిల్ల అలాంటి సంగతి ఏదైనా బయటపెడితే? కెమెరా ఆపండి. గుచ్చి గుచ్చి అడక్కండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గాని, పోలీసులకి గాని చెప్పడం అప్పుడు మీ బాధ్యత, పోక్సో 19వ సెక్షన్ ప్రతి మనిషి మీదా ఆ బాధ్యత పెట్టింది. 'మేం సినిమావాళ్లం, మాకెందుకు' అనడానికి వీల్లేదు.

షార్ట్ ఫిల్మ్‌లో పిల్లల్ని నటింపజేసేవాళ్లు వేరే దారిలో వెళ్లాలి. బాల కార్మిక నిబంధనల్లో 2017లో చేర్చిన ప్రకారం, ముందుగా జిల్లా కలెక్టర్ అనుమతి కావాలి. రోజుకి 5 గంటలకి మించి పని చేయించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. రెండు రోజుల షూటింగే కదా అని చాలామంది దీన్ని పట్టించుకోరు.

ఏమైనా అడుగుతారా?

(ఒక శ్రోత: సంతకం పెట్టినవాళ్లకి డబ్బులివ్వాలా? ఇస్తే కొనుక్కున్నట్టు కాదా?)

ప్రతిఫలం లేని ఒప్పందం మామూలుగా చెల్లదని కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ అంటుంది, అందుకే కొందరు ఫారంలో నామమాత్రంగా ఒక రూపాయి అని రాస్తారు. మేం ఆ రోజు పోయిన కూలి ఎంతో అడిగి అంత ఇస్తాం, ఫారంలో ఆ అంకె రాస్తాం. అంతకు మించి ఇస్తే మనం వినాలనుకున్నదే వాళ్లు చెప్పడం మొదలుపెడతారు. ఇంటర్వ్యూకి ముందు ఇవ్వం, అయ్యాకే.

(ఇంకో శ్రోత: సినిమా విడుదలయ్యాక వద్దంటే?)

మా కాగితం ప్రకారం పదిహేను రోజుల గడువు అయిపోయింది అనొచ్చు. కానీ 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు గురించి మాట్లాడుతుంది, అది అంచెలంచెలుగా అమల్లోకి వస్తోంది. కాబట్టి పాత ఫారం పట్టుకుని ధీమాగా ఉండకండి. మేమైతే వాళ్ల కారణం వింటాం. మన చేతిలో ఉన్న కాపీల్లో మార్చగలిగింది మారుస్తాం, బయటికి వెళ్లినవాటిని వెనక్కి తేలేమని సంతకానికి ముందే చెబుతాం.

ఆ పిల్ల విషయంలో ఇంకో పని మిగిలే ఉంది. తల్లిదండ్రులు సంతకం పెట్టింది ఆమెకి పదమూడేళ్లప్పుడు. ఆమెకి ఇప్పుడు పదిహేడు. వచ్చే ఏడాది పద్దెనిమిది నిండుతాయి. సినిమా మళ్లీ చూపించి, ఈసారి తన పేరు మీదే ఫారం ఇస్తాం. వద్దంటే యూట్యూబ్ నుంచి తీసేస్తాం. ఆ మాట మొదటి ఫారంలోనే చివరి వరసలో రాసి ఉంది.